కారు ఎన్నేళ్లు ఉంచుకుంటారు? లీజు, కొనుగోలు లెక్కల సమీక్ష

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్‌లలో కారు పెట్టుకోవడం కాస్త కష్టమైన పనే. సందులు ఇరుకు. పాత ఇళ్లను పడగొట్టి కట్టిన అపార్ట్‌మెంట్లలో ఫ్లాట్లు ఎక్కువ, సెల్లార్‌లో చోటు తక్కువ. అశోక్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు ఉన్న వీధుల్లో రోడ్డు సగం వరకు టూవీలర్లే నిలబడి ఉంటాయి. ఇక 2020 ఫిబ్రవరిలో జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా మెట్రో మొదలయ్యాక చిక్కడపల్లికి ఒక స్టేషన్, నారాయణగూడకు ఒక స్టేషన్ వచ్చాయి. అయినా ఇక్కడి మధ్యతరగతి ఇంటికి కారు కావాలి. ముసలివాళ్లను ఆసుపత్రికి తీసుకెళ్లాలి, పెళ్లిళ్లకు వెళ్లాలి, పండక్కి ఊరికి పోవాలి. అలాంటి కారు నెలకు ఐదారు వందల కిలోమీటర్లకు మించి తిరగదు. ఇటువంటి ఇంటికి ఇప్పుడు షోరూంలో రెండు దారులు చూపిస్తున్నారు. అప్పు తీసుకుని కొనుక్కోవడం ఒకటి, నెలకింత అని కట్టి లీజుకు తీసుకోవడం మరొకటి. రెండింటిలో ఏది చవక అన్న ప్రశ్నకు చాలామంది నెల కిస్తీని, నెల అద్దెను పక్కపక్కన పెట్టి జవాబు వెతుకుతారు. కారు ఎన్నేళ్లు ఉంచుకుంటాం, చివరికి ఎంతకు అమ్ముతాం అన్న రెండు ప్రశ్నలు వేయకుండా ఆ పోలికకు అర్థం లేదని నా వాదన. ఆ రెండూ వేసిన తర్వాత చిక్కడపల్లి లాంటి చోట సొంత ఇంటి కారు విషయంలో జవాబు దాదాపు తేలిపోతుంది. కొన్ని మినహాయింపులు మాత్రం నిజంగానే ఉన్నాయి.

ముందు లీజు అంటే ఏమిటో చూద్దాం. పెద్ద కంపెనీలు తమ అధికారుల కోసం కార్లు లీజుకు తీసుకోవడం పాత సంగతే. మామూలు గృహస్థు దాకా అది వచ్చింది ఈ మధ్యనే. మారుతీ సుజుకీ 2020లో ‘సబ్‌స్క్రైబ్’ పేరుతో ఈ పథకాన్ని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన తొలి నగరాల్లో హైదరాబాద్ ఒకటి. ఆ తర్వాత మరికొన్ని కార్ల కంపెనీలు, ఫైనాన్స్ సంస్థలు అదే బాట పట్టాయి. కారు రెండు రకాలుగా చేతికొస్తుంది. మొదటి రకంలో రిజిస్ట్రేషన్ మన పేరునే ఉంటుంది, తెల్ల నంబర్ ప్లేటే ఉంటుంది, ఆర్సీ మీద మాత్రం లీజు సంస్థకు హైపోథికేషన్ రాసి ఉంటుంది. రెండో రకంలో కారు సంస్థదే. నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలతో, సెల్ఫ్ డ్రైవ్ కార్లకు ఉన్నట్టే నంబరు ఉంటుంది. రెండింటిలోనూ సాధారణంగా ఇన్సూరెన్స్, సర్వీసింగ్, రోడ్డు మీద ఆగిపోతే వచ్చే సాయం అన్నీ నెల అద్దెలోనే కలిసి ఉంటాయి. గడువు రెండేళ్ల నుంచి నాలుగైదేళ్ల వరకు. గడువు తీరాక కారు తిరిగి ఇచ్చేయాలి, లేదా ఒప్పందం ఒప్పుకుంటే ఒక ధర కట్టి మనమే ఉంచుకోవాలి.

లీజు వైపు మాట్లాడేవాళ్ల లెక్క ఇలా ఉంటుంది: చేతి నుంచి ఒకేసారి పెద్ద మొత్తం పోదు, ఇన్సూరెన్స్ గురించి చింత లేదు, రిపేరు ఖర్చు లేదు, అమ్ముకునే తలనొప్పి లేదు, విలువ పడిపోయే వస్తువు మీద డబ్బు ఎందుకు పెట్టాలి? కొనుగోలు వైపు వాళ్లది ఒకటే మాట: అద్దె ఎన్నేళ్లు కట్టినా చివరికి మన చేతిలో ఏమీ మిగలదు. రెండు వాదనల్లోనూ సగం నిజమే ఉంది. విలువ పడిపోయే వస్తువు అన్నవాళ్లు, ఆ పడిపోయే విలువను లీజు సంస్థ అద్దెలోనే వసూలు చేస్తుందని చెప్పరు. కారు తరుగుదల, పెట్టుబడి మీద వడ్డీ, పన్నులు, సంస్థ లాభం, మొత్తం మీద జీఎస్‌టీ, ఇవన్నీ కలిస్తేనే నెల అద్దె అవుతుంది. చేతిలో కారు మిగులుతుంది అన్నవాళ్లు, ఆ మిగిలిన కారు అమ్మితే ఎంత వస్తుందో, ఈలోగా అప్పు మీద వడ్డీ, మొదట కట్టిన డబ్బు మీద పోయిన రాబడి ఎంతో కలపరు. రెండు పక్షాలూ ఒప్పుకోవాల్సిన పద్ధతి ఒక్కటే. ఎన్నేళ్లు వాడతామో ఆ కాలం మొత్తంలో చేతి నుంచి పోయిన ప్రతి రూపాయినీ కూడాలి, చివరికి తిరిగి వచ్చే రూపాయిని తీసేయాలి, మిగిలినదాన్ని నెలలతో భాగించాలి. పెట్రోలు, పార్కింగ్, టోల్ రెండు దారుల్లోనూ ఒకటే కాబట్టి పోలికలో వాటిని వదిలేయవచ్చు.

ఒక కారు తీసుకుని లెక్క వేద్దాం. షోరూం ధర 8 లక్షలున్న చిన్న పెట్రోలు కారు, నెలకు 600 కిలోమీటర్లు తిరిగే చిక్కడపల్లి కుటుంబం. తెలంగాణలో 5 నుంచి 10 లక్షల మధ్య కారుకు వ్యక్తి పేరున లైఫ్ ట్యాక్స్ 14 శాతం, అంటే 1,12,000 రూపాయలు. రిజిస్ట్రేషన్ ఫీజులు, నంబర్ ప్లేటు వగైరాకు 5,000 వేసుకుందాం. కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ 2018 నుంచి తప్పనిసరి. దానికి మొదటి ఏడాది సొంత నష్టం కవరేజీ కలిపి 35,000 అనుకుందాం. కారు రోడ్డెక్కేసరికి 9,52,000. ఇందులో 1,52,000 చేతి నుంచి, 8 లక్షలు అప్పు, 9 శాతం వడ్డీ, ఐదేళ్ల గడువు. నెల కిస్తీ 16,607 వస్తుంది. అదే కారు నాలుగేళ్ల లీజుకు అన్నీ కలిపి, జీఎస్‌టీతో సహా నెలకు 21,000 అని కొటేషన్ వచ్చిందనుకుందాం. ధరలు, వడ్డీలు, అద్దెలు మీ కొటేషన్‌లో వేరుగా ఉంటాయి. ఈ అంకెలు లెక్క తీరు చూపడానికి తీసుకున్నవి.

నాలుగేళ్ల తర్వాత కొన్నవాడి పరిస్థితి చూద్దాం. మొదట కట్టింది 1,52,000. నలభై ఎనిమిది కిస్తీలు కలిపి 7,97,000 పైచిలుకు. ఇంకా ఒక ఏడాది అప్పు మిగిలి ఉంది, దాన్ని తీర్చేయడానికి, అప్పటికి ముందస్తు రుసుము లేదనుకుంటే, 1,90,000. రెండో ఏడాది నుంచి నాలుగో ఏడాది దాకా ఇన్సూరెన్స్ 45,000, నాలుగేళ్ల సర్వీసింగ్, ఒక బ్యాటరీ కలిపి 30,000. మొదట కట్టిన డబ్బు బ్యాంకు డిపాజిట్‌లో ఉంటే 7 శాతం చొప్పున వచ్చేది 47,000, అదీ ఖర్చే. ఇవన్నీ కూడితే 12,61,000. కారును 4,20,000కు అమ్మితే నికరంగా 8,41,000, అంటే నెలకు సుమారు 17,500. లీజుకు తీసుకున్నవాడు నలభై ఎనిమిది నెలల్లో కట్టింది 10,08,000. కొన్నవాడికి 1,67,000 తక్కువ పడింది. ఇక్కడ 4,20,000 అన్న అమ్మకపు ధర ఊరికే వేసింది కాదు. ఇన్సూరెన్స్ కంపెనీలు కారు విలువ కట్టడానికి వాడే తరుగుదల పట్టికలో మూడు నాలుగేళ్ల మధ్య కారుకు 40 శాతం, నాలుగైదేళ్ల మధ్య కారుకు 50 శాతం కోత ఉంటుంది. 8 లక్షల కారుకు అది 4,80,000, 4,00,000 అవుతుంది. మనం వేసుకున్న ధర ఆ రెండింటికీ మధ్య, కింది దానికి దగ్గరగా ఉంది.

అయినా అమ్మకపు ధర ఎవరి చేతిలోనూ లేదు. అందుకే ఎక్కువ ఉపయోగపడే ప్రశ్న ఇంకొకటి ఉంది: అది ఎంతకు పడిపోతే లీజు గెలుస్తుంది? ఈ లెక్కలో 4,20,000లోంచి 1,67,000 తీసేస్తే 2,53,000. నాలుగేళ్ల వయసున్న, ముప్పై వేల కిలోమీటర్లు కూడా తిరగని కారు కొన్న ధరలో మూడో వంతు కూడా పలకకపోతేనే లీజు లాభం. సాధారణ పెట్రోలు చిన్న కారుకు, అందులోనూ పెద్ద ప్రమాదం జరగని కారుకు, ఆ స్థితి అరుదు. ఎవరి కొటేషన్ మీదనైనా ఈ ఒక్క అంకె కట్టుకోవచ్చు. అమ్మకపు ధర తీసేయకముందు కొనుగోలు ఖర్చు లీజు మొత్తం కంటే ఎంత ఎక్కువ ఉందో చూస్తే చాలు. ఆ తేడా కంటే కారు ఎక్కువ పలుకుతుందని నమ్మకం ఉంటే కొనుక్కోవాలి. పలకదని భయముంటే లీజు గురించి ఆలోచించాలి.

ఇప్పుడు అదే కారును రెండేళ్లకే వదిలించుకోవాల్సి వచ్చిందనుకుందాం. ఉద్యోగం బదిలీ అయింది, లేదా పిల్లల దగ్గరికి విదేశానికి వెళ్లిపోతున్నారు. మొదట కట్టింది, ఇరవై నాలుగు కిస్తీలు, మిగిలిన అప్పు 5,22,000, ముందుగా తీర్చినందుకు జీఎస్‌టీతో కలిపి మూడున్నర శాతం చొప్పున సుమారు 18,500 రుసుము, ఒక ఏడాది ఇన్సూరెన్స్, సర్వీసింగ్, పోయిన వడ్డీ అన్నీ కూడి, కారును 5,70,000కు అమ్మామనుకుంటే నికర ఖర్చు 5,69,000. నెలకు 23,700. రెండేళ్ల లీజుకు అద్దె ఎక్కువ ఉంటుంది కాబట్టి నెలకు 25,000 వేసుకుంటే 6 లక్షలు. తేడా ముప్పై వేలు మాత్రమే. హడావుడిగా అమ్మి ఆ ముప్పై వేలు పోగొట్టుకోవడం పెద్ద విషయం కాదు. కాబట్టి రెండేళ్ల దగ్గర రెండూ సమానమే. ఎనిమిదేళ్లు ఉంచుకున్నవాడి లెక్క వేరు. అరవై కిస్తీలూ కట్టేశాడు, ఐదో ఏడాది నుంచి టైర్లు, క్లచ్, సస్పెన్షన్ పనులకు ఏడాదికి 20,000 చొప్పున పెట్టాడు, ఇన్సూరెన్స్ కట్టాడు, చివరికి 2,40,000కు అమ్మాడు. పోయిన వడ్డీతో సహా మొత్తం 12,25,000 దాకా, నెలకు 12,750. ఎనిమిదేళ్లూ లీజులోనే ఉన్నవాడు, రెండో కారు ధర పైసా పెరగలేదనుకున్నా, 20,16,000 కడతాడు. నెలకు 23,700, 17,500, 12,750: ఒకే కారు, ఒకే ఇల్లు, మారింది ఏళ్లు మాత్రమే. లీజు అద్దె మాత్రం ఏళ్లతో పాటు ఇంతలా దిగదు, ఎందుకంటే ప్రతి నాలుగేళ్లకూ అది మళ్లీ కొత్త కారు మొదటి ఏళ్ల తరుగుదల దగ్గరికే వస్తుంది. కొన్నవాడు ఆరో ఏడాది నుంచి నెలకు మూడు వేల లోపు ఖర్చుతో కారు నడుపుతుంటాడు. అదే సమయంలో లీజువాడు ఇంకా 21,000 కడుతూనే ఉంటాడు.

లైఫ్ ట్యాక్స్ కథ కూడా ఇదే. 1,12,000 మొదటి రోజునే కట్టాలి. రెండేళ్లకు పంచితే నెలకు 4,667, ఎనిమిదేళ్లకు పంచితే 1,167. ఇదే రాష్ట్రంలో రెండో యజమాని మళ్లీ ఆ పన్ను కట్టనక్కర్లేదు కాబట్టి అమ్మకపు ధరలో కొంత తిరిగి వస్తుంది, కానీ అంతా రాదు. లీజు తీసుకుంటే ఈ పన్ను తప్పుతుందని అనుకోకూడదు. అద్దెలో అది కలిసే ఉంటుంది. పైగా కారు సంస్థ పేరున ఉంటే ఇదే ధరకు పన్ను 16 శాతం.

ఇక్కడి కార్లకు ప్రత్యేకంగా వర్తించే విషయం కిలోమీటర్లు. లీజు ఒప్పందంలో ఏడాదికి ఇన్ని కిలోమీటర్లని ఒక హద్దు ఉంటుంది. దాటితే కిలోమీటరుకు ఇంతని అదనంగా కట్టాలి. అమ్మేవాళ్లు ఎప్పుడూ ఆ హద్దు దాటితే ఏమవుతుందో చెబుతారు. తక్కువ తిరిగితే ఏమవుతుందో చెప్పరు. ఏడాదికి 12,000 కిలోమీటర్ల హద్దుకు అద్దె కట్టి 7,200 మాత్రమే తిరిగితే, తిరగని 4,800 కిలోమీటర్ల అరుగుదలకు కూడా మనం డబ్బు ఇచ్చినట్టే. గడువు తీరాక తక్కువ తిరిగిన ఆ కారును మంచి ధరకు అమ్ముకునేది లీజు సంస్థ. సొంత కారైతే ఆ తక్కువ కిలోమీటర్ల లాభం అమ్మే రోజున మన చేతికే వస్తుంది. నారాయణగూడ నుంచి హైటెక్ సిటీకి రోజూ కారులో వెళ్లొచ్చేవాళ్లకు ఈ మాట వర్తించదు. వాళ్లు హద్దు అంచుల్లోనే ఉంటారు. కానీ వారం రోజులు సెల్లార్‌లో ఉండి ఆదివారం బయటికి వచ్చే కారుకు లీజు మరీ నష్టం.

రెండో విషయం సందులు. అశోక్‌నగర్‌లో ఇంటి ముందు నిలబెట్టిన ఏ కారునైనా దగ్గరికెళ్లి చూడండి. వెనక బంపర్ మూలల్లో స్కూటర్ ఫుట్‌రెస్ట్ గీరిన తెల్ల గీతలు, డ్రైవర్ వైపు అద్దం మీద పగులు, తలుపు అంచున పక్క కారు తలుపు తగిలి పడిన చిన్న సొట్ట. సొంత కారుకు ఇవి ఖర్చు కాదు. యజమాని చూసీ చూడనట్టు ఊరుకుంటాడు, అమ్మేటప్పుడు నాలుగైదు వేలు తగ్గిస్తాడు, లేదా పాలిష్ పెట్టిస్తాడు. లీజు కారు తిరిగి ఇచ్చే రోజున సంస్థ మనిషి వచ్చి ప్యానెల్ ప్యానెల్‌గా చూసి ఫొటోలు తీస్తాడు. ‘సాధారణ అరుగుదల’ అని ఒప్పందంలో రాసిన దానికి మించినదంతా మన ఖాతాలో పడుతుంది. ఏది సాధారణం, ఏది కాదు అన్నది సెంటీమీటర్లలో రాసి ఉంటే మేలు. రాయకపోతే సంస్థ చెప్పిందే లెక్క. గడువులోపే ఇన్సూరెన్స్ క్లెయిమ్ పెట్టి బాగు చేయించుకోవచ్చు, నిజమే. కానీ ప్రతి క్లెయిముకూ మన వాటా కొంత కట్టాలి. అదీగాక పాలసీ సంస్థ పేరున ఉంటే, క్లెయిమ్ లేకుండా ఏళ్లు గడిపినా 50 శాతం వరకు పెరిగే నో క్లెయిమ్ బోనస్ మనకు జమ కాదు.

వాన సంగతీ చెప్పాలి. హుస్సేన్‌సాగర్ నుంచి దిగువకు పోయే నాలా అశోక్‌నగర్ మీదుగానే వెళుతుంది. 2020 అక్టోబరు వానలు నగరంలో ఎన్ని సెల్లార్లను ముంచాయో అందరికీ తెలిసిందే. నీళ్లలో మునిగిన కారును స్టార్ట్ చేస్తే నీరు ఇంజిన్‌లోకి పోయి లోపలి భాగాలు విరగవచ్చు. మామూలు ఇన్సూరెన్స్ దాన్ని ‘తర్వాత మీరు చేసిన నష్టం’ అని తోసిపుచ్చవచ్చు. దానికి ఇంజిన్ ప్రొటెక్షన్ అనే అదనపు కవరు ఉండాలి. సొంత పాలసీలో అది మనం చేర్చుకోవచ్చు. లీజులో అన్నీ కలిసే ఉన్నాయన్న మాట విని ఊరుకోకుండా, ఈ కవరు ఉందో లేదో పాలసీ కాగితంలో చూడాలి.

ఇప్పుడు అభ్యంతరాలు. మొదటిది, మొదట కట్టే లక్షన్నరను మంచి చోట పెట్టుబడి పెడితే లీజు గెలుస్తుంది కదా అన్నది. 7 శాతానికి బదులు 12 శాతం వస్తుందని ధీమాగా వేసుకున్నా, నాలుగేళ్లలో ఆ డబ్బు సంపాదించేది 47,000 కాకుండా 87,000. కొన్నవాడి ఖర్చు 40,000 పెరుగుతుంది. అప్పటికీ లీజు లక్షా పాతికవేల పైనే వెనకబడి ఉంది. అంతేకాదు, కిస్తీ, ఇన్సూరెన్స్, సర్వీసింగ్ అన్నీ కలిపినా కొన్నవాడికి నెలకు పడేది 18,200. లీజువాడి కంటే అతని చేతిలో నెలనెలా 2,800 మిగులుతోంది. పెట్టుబడి గురించి మాట్లాడితే దాన్నీ పెట్టుబడిగానే లెక్కించాలి. రెండో అభ్యంతరం బలమైనది: పాత కారు పెద్ద రిపేరు పెడితే? ఎనిమిదేళ్ల కాలంలో అనుకోని లక్ష రూపాయల పని వచ్చిందనే అనుకుందాం. తొంభై ఆరు నెలలకు పంచితే నెలకు వెయ్యి రూపాయల చిల్లర. 12,750 కాస్తా 13,800 అవుతుంది. ఒకేసారి లక్ష ఇవ్వడం కష్టమే, దాని కోసం విడిగా డబ్బు దాచుకోవాలి. కానీ ఆ భయం ఖరీదు నెలకు ఎనిమిది వేలు కాదు. మూడో మాట, లీజులో ఎప్పుడూ కొత్త కారే ఉంటుంది, కొత్త రక్షణ సదుపాయాలు ఉంటాయి అన్నది. ఇది నిజం, దాన్ని తక్కువ చేయను. దాని ధర ఎంతో తెలిసి, ఇష్టపడి కడితే తప్పేమీ లేదు. చవక అనుకుని కడితేనే తప్పు.

లీజు నిజంగా గెలిచే చోటు ఒకటుంది. అది జీతం. యజమాని కంపెనీ కారును లీజుకు తీసుకుని ఉద్యోగికి ఇస్తే, ఆ అద్దె జీతంలోంచి పన్ను లెక్కకు ముందే పోతుంది. ఉద్యోగి తన చేతికొచ్చిన సౌకర్యానికి చట్టం చెప్పిన నామమాత్రపు విలువ మీద మాత్రమే పన్ను కడతాడు. 1961 ఆదాయపు పన్ను చట్టం కింద 1.6 లీటర్ల లోపు ఇంజిన్ కారుకు ఆ విలువ చాలా ఏళ్లు నెలకు 1,800గా ఉండేది. ఆ విలువ ప్రకారం, 30 శాతం శ్లాబులో, సెస్సుతో 31.2 శాతం కట్టే ఉద్యోగికి మన ఉదాహరణలో నెలకు 5,990 పన్ను మిగులుతుంది. నికర అద్దె 15,000. నాలుగేళ్ల కొనుగోలు ఖర్చు 17,500 కంటే ఇది తక్కువ. పెట్రోలు, డ్రైవరు ఖర్చు కూడా కంపెనీ అలాగే ఇస్తే లాభం ఇంకా పెరుగుతుంది. అయితే ఈ గెలుపు కారులోంచి రాలేదు, పన్నులోంచి వచ్చింది. ఆ నామమాత్రపు విలువ పెరిగితే ఇది కరిగిపోతుంది. అది 8,000 అనుకుని లెక్కిస్తే నికర అద్దె 16,900, అంటే దాదాపు సమానం. 2026 ఏప్రిల్ 1 కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు తేదీ కాబట్టి, సంతకం చేసే ఏడాదికి ఆ విలువ ఎంతో కంపెనీ అకౌంట్స్ విభాగాన్ని అడిగి కాగితం మీద తీసుకోవాలి. తక్కువ శ్లాబులో ఉన్నవాళ్లకు ఈ లాభం బాగా తగ్గిపోతుంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఉద్యోగం మారితే లీజు ఆగిపోతుంది. మిగిలిన అద్దెలో కొంత కట్టాలి, లేదా కారును మిగిలిన విలువకు కొనుక్కోవాలి. ఐటీలో రెండేళ్లకోసారి కంపెనీ మారేవాళ్లు నాలుగేళ్ల లీజు రాసుకునే ముందు ఈ షరతును రెండుసార్లు చదవాలి.

వ్యాపారులకు చెప్పే ఒక మాటను సరిచేయాలి. లీజుకు తీసుకుంటే జీఎస్‌టీ వెనక్కి వస్తుందని నారాయణగూడ దుకాణదారులకు చెబుతుంటారు. మామూలు ప్రయాణికుల కారు మీద, దాన్ని అద్దెకు తిప్పే వ్యాపారం మనది కానప్పుడు, కొన్నా లీజుకు తీసుకున్నా ఇన్‌పుట్ క్రెడిట్ రాదు. జీఎస్‌టీ చట్టంలోని 17(5) సెక్షన్ రెండింటినీ అడ్డుకుంటుంది. అద్దె మొత్తాన్ని ఖర్చుగా చూపించుకోవచ్చు, కొన్నవాడు ఏటా 15 శాతం తరుగుదల, వడ్డీ చూపించుకుంటాడు. కొంత ముందు వెనక తప్ప పెద్ద తేడా ఉండదు.

ఎలక్ట్రిక్ కారు దగ్గరికొస్తే నా మాట కాస్త మెత్తబడుతుంది. ఇక్కడ అమ్మకపు ధర ఎవరికీ సరిగ్గా తెలియదు. బ్యాటరీ ఎంత మిగిలిందో చూసి ధర కట్టే పద్ధతి పాత కార్ల బజారులో ఇంకా స్థిరపడలేదు. 2,53,000 అన్న హద్దు లాంటిది ఎలక్ట్రిక్ కారుకు కడితే, దాన్ని దాటుతుందని ధైర్యంగా చెప్పలేం. ఆ అనిశ్చితిని సంస్థ మీదికి నెట్టేయడానికి లీజు అద్దెలో కొంత ఎక్కువ ఇవ్వడం సబబే. మరోవైపు తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు నుంచి 2026 డిసెంబరు 31 వరకు ఎలక్ట్రిక్ వాహనాలకు లైఫ్ ట్యాక్స్ మొత్తం తీసేసింది. దానివల్ల కొనేవాడి మొదటి రోజు నష్టం బాగా తగ్గింది. బ్యాటరీని మాత్రమే అద్దెకిచ్చే పద్ధతి కూడా వచ్చింది. ఎంజీ విండ్సర్ 2024లో వచ్చినప్పుడు పూర్తి ధర 13.50 లక్షలు, బ్యాటరీ లేకుండా 9.99 లక్షలు, కిలోమీటరుకు 3.50 చొప్పున బ్యాటరీ అద్దె. తక్కువ తిరిగేవాళ్లకు ఇది బాగుందనిపిస్తుంది: నెలకు 600 కిలోమీటర్లకు 2,100 మాత్రమే. కానీ నెలకు కనీసం ఇన్ని కిలోమీటర్లకు కట్టాలని షరతు ఉంటే ఆ లెక్క తలకిందులవుతుంది. నెలకు 1,500 కిలోమీటర్ల కనీసం ఉందనుకోండి, అప్పుడు 600 తిరిగినా 5,250 కట్టాలి. ఇక ఛార్జింగ్ పెట్టుకునే సెల్లార్ చోటు లేని ఫ్లాట్‌లో ఉన్నవాళ్లకు ఈ చర్చే అనవసరం.

ఈ సమీక్షలో కలపాల్సిన మూడో దారి మూడేళ్ల పాత కారు. మొదటి యజమాని మూడేళ్ల తరుగుదలను, లైఫ్ ట్యాక్స్‌ను భరించేశాడు. సర్వీసు రికార్డు చూసి, మునిగిన కారు కాదని తేల్చుకుని కొంటే, తక్కువ తిరిగే ఇంటికి దీని కంటే చవకైన సొంత కారు దొరకదు. అప్పుడు కూడా నెల ఖర్చును కిలోమీటర్లతో భాగించి చూడటం మంచిది. మన ఉదాహరణలో కొత్త కారు నాలుగేళ్ల కొనుగోలు ఖర్చు కిలోమీటరుకు 29 రూపాయలు, లీజైతే 35, రెండింటి మీదా పెట్రోలు అదనం. నెలకు 200 కిలోమీటర్లు కూడా తిరగని ఇంటికి మెట్రో, ఆటో, అవసరమైనప్పుడు క్యాబు చాలా తక్కువలో తేలిపోతాయి.

కాబట్టి నా తీర్పు ఇది. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్‌లలో తక్కువ తిరిగే ఇంటి కారును కొనుక్కుని కనీసం ఆరేడేళ్లు ఉంచుకోవాలి. 30 శాతం శ్లాబులో ఉండి కంపెనీ ద్వారా లీజు దొరికిన ఉద్యోగి, రెండేళ్లలో ఊరు విడిచి వెళ్లడం ఖాయమైన కుటుంబం, ఎలక్ట్రిక్ కారు అమ్మకపు ధరకు భయపడేవాళ్లు, ఈ ముగ్గురూ లీజును తీవ్రంగా పరిశీలించాలి. ఎవరైనా సరే, కారు తిరిగి ఇచ్చేటప్పటి తనిఖీ నిబంధనలు, మధ్యలో మానేస్తే కట్టాల్సిన మొత్తం, కిలోమీటర్ల హద్దు, ఈ మూడూ అంకెలతో రాసిన కాగితం ముందే అడిగి తీసుకోండి. ఇవ్వనంటే సంతకం చేయకండి.